నిషిద్ధాక్షరిలో ఏ అక్షరాన్ని నిషేధించాలి? ఒక కందపద్యం ఆధారంగా సమాధానం

ప్రశ్న: "నమస్కారమండీ. హనుమకొండలో మా కళాశాలలో వచ్చే నెల అష్టావధానం పెడుతున్నారు. నన్ను నిషిద్ధాక్షరి పృచ్ఛకురాలిగా కూర్చోమన్నారు. నాకు ఛందస్సు తెలుసు, కందం రాయగలను. కానీ అవధాని గారు ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఏ అక్షరాన్ని నిషేధించాలో అప్పటికప్పుడు ఎలా తేల్చుకోవాలి? గుణింతాలూ ఒత్తులూ కూడా నిషేధంలోకి వస్తాయా? ఆయన ప్రతిసారీ తప్పించుకుంటే నేను సరిగా చేయనట్లేనా?"

అమ్మా, అప్పటిదాకా వచ్చిన అక్షరాలను కలిపి చదువుకోండి. వాటితో ఏయే మాటలు పూర్తి కాగలవో మనసులో వేసుకోండి. ఆ మాటల్లో ఆ చోట ఛందస్సుకు ఇమిడే మాట ఏదో చూసి, దానిలోని తర్వాతి హల్లును నిషేధించండి. తోచిన మాటను నిషేధించడం అందరూ చేసేదే. తోచిన మాట గణంలో పడుతుందో లేదో చూసుకున్న తర్వాత నిషేధించడమే పృచ్ఛకత్వం. ఇక అవధాని తప్పించుకోవడం మీ లోపం కాదు. మొదట రాబోయిన మాట రాకుండా ఆయన వేరొక మాటకు మళ్లారంటే మీ నిషేధం పని చేసినట్లే.

ముందుగా గుణింతాల సంగతి. నిషేధం హల్లుకు సంబంధించినది. 'మ' నిషేధమంటే మా, మి, ము, మే అన్నీ నిషేధమే. ఒత్తుల విషయంలో సభకొక తీరు కనిపిస్తుంది కాబట్టి, వేదిక ఎక్కకముందే అవధాని గారితో ఒక మాట అనుకోవడం మంచిది. మేము పాటించే పద్ధతి ప్రకారం, సంయుక్తాక్షరంలోని ఏ హల్లు నిషిద్ధమైనా ఆ అక్షరం చెల్లదు. మరొకటి, ప్రాసస్థానంలోనూ యతిస్థానంలోనూ నిషేధం పెట్టకూడదు, ఎందుకంటే అక్కడ అవధాని చేతిని పద్యం ముందే కట్టేసి ఉంటుంది. అయితే మొదటి పాదంలోని రెండో అక్షరానికి ఈ మినహాయింపు లేదు. ప్రాస అక్కడే పుడుతుంది కాబట్టి, అప్పటికి దానికింకా నియమమేదీ ఏర్పడలేదు. కొత్తగా కూర్చున్నవారు ప్రాస అనుకొని ఆ అక్షరాన్ని వదిలేస్తుంటారు. నిజానికి పద్యం మొత్తాన్ని మలుపు తిప్పగల చోటు అదొక్కటే.

మిగతాది ఉదాహరణ లేకుండా చెబితే గాలిలో మాట అవుతుంది. చాలా ఏళ్ల కిందట హనుమకొండలోనే జరిగిన ఒక అవధానంలో నేను నిషిద్ధాక్షరి పృచ్ఛకుణ్ణి. అప్పటికి నాకు ఈ అంశంలో అనుభవం తక్కువ. నేనిచ్చిన విషయం ఓరుగల్లు భద్రకాళి స్తుతి, ఛందస్సు కందం. మొదటి రెండు పాదాలకు నిషేధం, తర్వాత స్వేచ్ఛ అన్నది ఒప్పందం. ఆనాటి కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది కాబట్టి అక్షరం వెంట అక్షరం చెప్పగలను. నేను చేసిన పొరపాట్లు కూడా అందులో ఉన్నాయి, మీకు పనికివచ్చేవి ముఖ్యంగా అవే.

మొదటి అక్షరానికి నేను 'భ'ను నిషేధించాను. భద్రకాళి మీద పద్యం కదా, 'భద్రే', 'భవాని' అని ఎత్తుకుంటారని నా ఊహ. అవధాని గారు 'శ్రీ' అన్నారు. స్తుతి పద్యానికి 'శ్రీ' ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు. దాన్ని మూయకుండా పెరటి తలుపుకు గొళ్లెం పెట్టాను.

'శ్రీ' వచ్చింది గనుక పాదం గురువుతో మొదలైంది. కందంలో ఒక పాదం గురువుతో మొదలైతే నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. ఈ సంగతిని అప్పుడే కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి, రెండో పాదంలో అది మనకు పనికి వస్తుంది. అమ్మవారి పద్యం కాబట్టి 'శ్రీమాత' అంటారనుకొని 'మ'ను నిషేధించాను. ఆయన 'ల' అన్నారు. దానితో ప్రాస లకారమని తేలిపోయింది. 'శ్రీల' అని వినగానే ఎవరికైనా 'శ్రీలలిత' స్ఫురిస్తుంది. 'శ్రీలలి' సరిగ్గా భగణం, అంటే ఛందస్సుకు కూడా ఇమిడే మాట. అందుకని 'ల'ను నిషేధించాను. ఈ నిషేధం సరైనదే. ఆయన 'కు' అన్నారు.

'శ్రీలకు' అనగానే వాక్యం తీరు మారింది. ఇక 'సంపదలకు ఏదో ఒకటి' అన్న అర్థం రావాలి. నెలవు కావచ్చు, నిలయం కావచ్చు. రెండూ నకారంతోనే మొదలవుతాయి కాబట్టి 'న'ను నిషేధించాను. ఒక్క హల్లుతో రెండు మాటలను మూయగలగడం ఎప్పుడూ లాభమే. ఆయన 'గ' అన్నారు.

ఇక్కడ నేను తప్పటడుగు వేశాను. 'శ్రీలకు గ' అని వినగానే 'గని' తట్టింది. శ్రీలకు గని, అంటే సంపదలకు పుట్టుచోటు, ఎంత చక్కగా ఉన్నది అనుకొని మళ్లీ 'న'నే నిషేధించాను. ఆయన 'ల్ప' అన్నారు. సభలో వెనక కూర్చున్న పెద్దవారొకరు అప్పుడే నవ్వారు, నాకు మాత్రం కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఆ మాట 'గల్ప' కాదు, 'కల్ప'. 'శ్రీలకున్' అన్నది ద్రుతాంతం. ద్రుతం తర్వాత వచ్చే పరుషం సరళంగా మారుతుంది కాబట్టి 'శ్రీలకుఁ గల్ప' అయింది. అవధాని నోట ద్రుతాంతమైన మాట వచ్చిందంటే, తర్వాతి అక్షరం గ, జ, డ, ద, బ లలో ఏదైనా అయితే దాని వెనక క, చ, ట, త, ప దాగి ఉండవచ్చునని చూసుకోవాలి. దీనికి రెండో వైపు కూడా ఉన్నది. ఆ చోట కకారంతో మొదలయ్యే మాటను ఆపాలనుకుంటే 'క'ను నిషేధించి ప్రయోజనం లేదు, 'గ'ను నిషేధించాలి. పద్యంలో వినిపించబోయేది 'గ'యే కదా. పుస్తకంలో సంధి సూత్రం చదివినవారికి కూడా ఆ క్షణంలో అది గుర్తుకు రాదు. నాకూ రాలేదు.

సరే, 'శ్రీలకుఁ గల్ప' వచ్చింది. నాకు వెంటనే 'కల్పవల్లి' తోచింది, 'కల్పవృక్షం' కూడా తోచింది. రెండింటికీ కలిపి 'వ'ను నిషేధించి, గొప్ప దెబ్బ కొట్టాననుకున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆగకుండా 'క' అన్నారు. నా నిషేధం ఆయనను తాకనే లేదు. ఎందుకో లెక్క వేసి చూడండి.

కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. గగ, భ, జ, స, నల అనే అయిదు గణాలే వాడాలి. 'శ్రీలకు' భగణంతో మొదటి గణం ముగిసింది. రెండో గణంలో 'గల్ప' వచ్చింది. 'గ' తర్వాత సంయుక్తాక్షరం ఉన్నది కాబట్టి అది గురువు, 'ల్ప' లఘువు. మూడు మాత్రలు అయిపోయాయి, గణం నిండడానికి ఇంకా ఒకటే మాత్ర మిగిలింది. అంటే తర్వాతి అక్షరం సంయుక్తాక్షరం కాకపోతే తప్పనిసరిగా లఘువు కావాలి. 'కల్పవల్లి'లో 'వ' తర్వాత 'ల్లి' ఉన్నది కాబట్టి 'వ' గురువు. 'కల్పవృక్షం'లో 'వృ' కూడా గురువే. ఆ రెండు మాటలనూ కందమే అప్పటికి నిషేధించింది. నేను చేసిందల్లా ఛందస్సు మూసిన తలుపునే మళ్లీ మూయడం.

మరి అక్కడ నిజంగా తెరిచి ఉన్న తలుపులేవి? కల్పతరువు అనవచ్చు, 'గల్పత' భగణం. కల్పలత అనవచ్చు, 'గల్పల' కూడా భగణమే. కల్పక అనవచ్చు. కల్పద్రుమం కూడా అనవచ్చు, 'ద్రు' వల్ల 'ల్ప' గురువై 'గల్ప' గగం అవుతుంది. కల్పభూజం కుదరదు, 'భూ' గురువు. అంటే బతికి ఉన్న దారులు నాలుగు, త, ల, క, ద. ఒక్క నిషేధంతో నాలుగింటినీ మూయలేము కానీ, నాలుగింటిలో ఒకదాన్ని మూసి ఉంటే ఆయన కనీసం మిగిలిన మూడింటి వైపు చూడవలసి వచ్చేది. నేనైతే ఇప్పుడు 'ల'ను నిషేధిస్తాను. అమ్మవారిని లతతో పోల్చడం కవులకు బాగా అలవాటు కాబట్టి చాలామంది నోట మొదట వచ్చేది కల్పలతే.

'గల్పక'తో రెండో గణం పూర్తయింది. మూడో గణం కొత్తగా మొదలవుతున్నది కాబట్టి ఇప్పుడు గురువుకు కూడా చోటు ఉన్నది. ఒక్క అక్షరం ముందు చచ్చిపోయిన 'వల్లి', 'వృక్షము' ఇక్కడ మళ్లీ బతికాయి. 'వల్లివి' భగణం, 'వృక్షము' భగణం, రెండూ చక్కగా పడతాయి. కాబట్టి నేను మళ్లీ 'వ'నే నిషేధించాను, ఈసారి అది సరైన నిషేధం. ఒకే హల్లు ఒక చోట వృథా అయి, దాని పక్క చోటనే పని చేయడం చూశారు కదా. చెట్టు అన్న అర్థం కావాలి, 'వ' లేకుండా కావాలి. ఆయన కాస్త ఆగారు. ఆ విరామంలోనే అప్రస్తుత ప్రసంగం చేస్తున్న మిత్రుడు, చెరువు కట్ట మీద నడిచే వారికి చెట్టు నీడ మంచిదా, గొడుగు నీడ మంచిదా అని అడిగి సభను నవ్వించాడు. దానికి జవాబు చెప్పి, ఇటు తిరిగి 'భూ' అన్నారు అవధాని గారు.

ఈ 'భూ'ను గమనించండి. నిపుణులైన అవధానులు నిషిద్ధాక్షరిలో మాటలను ఎంచుకునే తీరు ఇందులో కనిపిస్తుంది. 'భూ' తర్వాత చెట్టు అన్న అర్థానికి రెండు దారులు ఉన్నాయి, భూరుహము, భూజము. 'భూరుహ', 'భూజము' రెండూ భగణాలే. పృచ్ఛకుడు ఏది మూసినా రెండోది మిగులుతుంది. రెండు దారులున్న అక్షరం దగ్గరే వారు నిలబడతారు, ఒకే దారి ఉన్న అక్షరం జోలికి పోరు. 'లత' వైపు వెళ్లకపోవడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం. 'ల' అన్న తర్వాత లత అన్నా లతిక అన్నా 'త' తప్పదు. 'త'ను నిషేధిస్తే ముందుకు పోయే దారి లేదు. ఇది తెలిసిన పృచ్ఛకుడు కూడా 'భూ' దగ్గర చేయగలిగింది తక్కువే. నేను 'ర' నిషేధించాను, ఆయన 'జ' అన్నారు. 'జ' నిషేధించి ఉంటే 'రు' అనేవారు.

'భూజ' తర్వాత 'ము' రావడం ఖాయమనిపించింది. గణానికి ఒక లఘువు కావాలి, 'భూజము' అంటే గణం నిండుతుంది, పాదమూ ముగుస్తుంది. 'మ'ను నిషేధించాను. మొత్తం పాదంలో నేను గర్వంగా చెప్పుకోగలిగిన నిషేధం ఇదే. మకారం పోతే భూజం అన్న మాటకు ప్రథమా విభక్తి రూపమే లేకుండా పోతుంది. కల్పవృక్షానివి నీవు అన్న వాక్యం అక్కడితో తెగిపోతుంది. ఆయన దాదాపు అర నిమిషం మౌనంగా ఉన్నారు. తర్వాత 'పు' అన్నారు. భూజపు. వాక్యాన్నే మార్చేశారు; నీవు కల్పవృక్షానివి అనవలసినదాన్ని, కల్పవృక్షపు ఏదో ఒకటి అనే దారికి తెచ్చారు. మొదటి పాదం ఇలా నిలిచింది:

శ్రీలకుఁ గల్పక భూజపు

తొమ్మిది అక్షరాలకు నేను వరసగా నిషేధించినవి భ, మ, ల, న, న, వ, వ, ర, మ. వీటిలో మొదటిది గురి తప్పింది, అయిదోది సంధి మరచిపోయి చేసింది, ఆరోది ఛందస్సు చూసుకోక చేసింది. మిగిలిన ఆరూ ఏదో ఒక మాటను ఆపాయి.

రెండో ఆవృత్తిలో రెండో పాదం. ఇప్పుడు పృచ్ఛకుడికి అదనంగా రెండు సంగతులు తెలుసు. మొదటి అక్షరం గురువు కావాలి, రెండో అక్షరం లకారం కావాలి. 'కల్పక భూజపు' తర్వాత 'వలె' అన్న అర్థమిచ్చే మాట రావాలి. చందాన, రీతి, విధాన, పగిది ఇవేవీ పనికి రావు, వాటిలో రెండో అక్షరం లకారం కాదు. దీర్ఘం తర్వాత లకారం ఉన్న మాటలు వెతికితే 'పోలిక' ఒకటి, 'లీల' ఒకటి. ప్రాస నియమం అవధానిని బంధిస్తుందని అందరూ అంటారు, నిజానికి అది పృచ్ఛకుడికి అంతకన్నా ఎక్కువ ఉపకారం చేస్తుంది, ఎందుకంటే వెతకవలసిన మాటలను పదుల నుంచి రెండుకు తగ్గిస్తుంది. వ్యవహారంలో ఎక్కువగా వినిపించే మాట 'పోలిక' కాబట్టి 'ప'ను నిషేధించాను. ఆయన 'లీ' అన్నారు. రెండో అక్షరం ప్రాసస్థానం గనుక "నిషేధం లేదు" అన్నాను, ఆయన 'లం' అన్నారు.

'లీలన్' అన్నది కూడా ద్రుతాంతమే. ఈసారి నేను మోసపోలేదు. అమ్మవారిని రక్షించమనే క్రియ రావాలి. పాలించు అంటే 'బాలింతువు' అవుతుంది, బ్రోచు అంటే బకారమే ఉన్నది. రెండూ 'బ'లోనే పడుతున్నాయి కాబట్టి 'ప'ను కాక 'బ'ను నిషేధించాను. ఆయన 'గా' అన్నారు. దాని వెనక 'కా' ఉన్నదని ఈసారి వెంటనే తెలిసింది. కావుము అంటారనుకొని 'వ' నిషేధించాను. ఆయన 'చె' అన్నారు. కాపాడడానికి కావు, కాచు రెండూ ఉన్నాయి కదా, మళ్లీ రెండు దారులున్న అక్షరమే. 'గాచెడు' అనకుండా 'డ' నిషేధించాను, 'ద' అన్నారు. 'గాచెద'.

ఇక్కడ 'వు'ను నిషేధించవచ్చు. నియమం అడ్డు రాదు. కానీ 'గాచెద' తర్వాత ఆ వాక్యానికి మిగిలిన దారి 'వు' ఒక్కటే. దాన్ని మూస్తే వాక్యం పూర్తి కాదు. ఆయన నాలుగు అక్షరాలు వెనక్కి పోలేరు, అప్పటికే ఇచ్చిన అక్షరాలను మార్చే అధికారం అవధానికి లేదు. నేను "నిషేధం లేదు" అన్నాను. సమయం మించుతున్నదని అధ్యక్షులు కూడా సైగ చేస్తున్నారు. ఇది దయ కాదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు పరీక్షించేది మాట మార్చుకునే శక్తిని. మారడానికి మరో మాటే లేని చోట నిషేధిస్తే పరీక్షించేది ఏమీ ఉండదు. దీనికి ఒప్పుకోని పృచ్ఛకులు ఉన్నారు, వారి వాదం కూడా నేను విన్నాను. నా అభిప్రాయం మాత్రం ఇంతే. ఆ పైన పాదాన్ని ఆయన స్వేచ్ఛగా ముగించారు, మూడు నాలుగు పాదాలు తర్వాతి ఆవృత్తులలో నిషేధం లేకుండా వచ్చాయి. ధారణలో చదివిన పూర్తి పద్యం ఇది:

శ్రీలకుఁ గల్పక భూజపు
లీలం గాచెదవు మమ్ము లేమి దొలంగన్
నీలపు జలముల చెంతను
వేలుపువై యోరుగంట వెలసిన కాళీ!

సంపదల విషయంలో కల్పవృక్షం వలె, లేమి తొలగేటట్లు మమ్మల్ని కాపాడతావు, నీలి నీళ్ల పక్కన ఓరుగంటిలో వెలసిన కాళీ, అని భావం. భద్రకాళి చెరువు చూసినవారికి మూడో పాదం వేరే చెప్పనక్కరలేదు.

పృచ్ఛకురాలిగా మీరు పద్యాన్ని సరిచూడాలి కూడా. రెండో పాదాన్ని విడదీయండి: లీలం, గాచెద, వుమమ్ము, లేమిదొ, లంగన్. అంటే గగ, భ, జ, భ, గగ. కందంలో రెండో పాదపు మూడో గణం జగణమో నలమో కావాలి, 'వుమమ్ము' జగణం. చివరి గణం గురువుతో ముగియాలి, 'లంగన్' ముగిసింది. యతి మొదటి గణం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ. 'లీ'కి 'లే' కుదిరింది. నాలుగో పాదంలో 'వే'కు 'వె'. ఇక బేసి స్థానాల గణాలలో జగణం ఉండకూడదు. అవధానుల పద్యాల్లో కూడా తొందరలో జారేది చాలావరకు ఈ చివరి నియమమే, కాబట్టి రెండు అర్ధాలలోనూ ఒకటి, మూడు, అయిదు, ఏడు గణాలను ప్రత్యేకంగా చూసుకోండి. మొదటి అర్ధంలో అవి భ, భ, భ, భ. రెండో అర్ధంలో భ, భ, గగ, నల. దోషం లేదు.

మరొక సభలో నేను చేసిన తప్పు కూడా చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని. అక్కడ రెండో పాదానికి కూడా నిషేధం పూర్తిగా నడుస్తున్నది. గణాలు లెక్కపెట్టుకోవడంలో వెనకబడి, యతిస్థానం వచ్చిందని గమనించకుండా సరిగ్గా ఆ యతి అక్షరాన్నే నిషేధించాను. అవధాని గారు చిరునవ్వుతో "యతి కూడా వద్దంటే వచనమే చెబుతానండీ" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి కాగితం మీద ప్రతి అక్షరం కిందా గురువుకు ఒక గుర్తు, లఘువుకు ఒక గుర్తు వేసి, నాలుగు మాత్రలు నిండగానే నిలువు గీత గీయడం అలవాటు చేసుకున్నాను. రెండో పాదంలో మూడో గీత పడిందంటే తర్వాతిది యతి అక్షరం. మీరు కూడా మూడు వరసల కాగితం పెట్టుకోండి: పై వరసలో మీరు నిషేధించినది, మధ్యలో ఆయన చెప్పినది, కింద గురులఘువులు. ఆయన నిషిద్ధాక్షరాన్ని పొరపాటున వాడినా, మీరు నిషేధించనిదాన్ని నిషేధించారని సభలో ఎవరైనా అన్నా ఆ కాగితమే సాక్ష్యం. అక్షరం చెల్లకపోతే అప్పుడే, తర్వాతి అక్షరం రాకముందే చెప్పాలి. రెండు అక్షరాలు దాటిన తర్వాత చెబితే అందరికీ ఇబ్బంది.

తేల్చుకోవడానికి సమయం ఎంత అంటే, ఒక్కో అక్షరానికి అయిదారు క్షణాలకు మించి తీసుకోకూడదు. అంతలో ఏమీ తోచకపోతే "నిషేధం లేదు" అనడమే మేలు. తోచలేదు కదా అని ఠకారాన్నో ఝకారాన్నో నిషేధిస్తే సభకు వెంటనే తెలిసిపోతుంది. ఆ అక్షరాలు ఎలాగూ రావు.

వచ్చే నెలలోపు మీరు ఇంట్లో చేయగల సాధన ఒకటి ఉన్నది. మీకు తెలియని కందపద్యం ఒకటి ఎవరినైనా తీసుకొని, ఒక్కో అక్షరం చదవమనండి. ప్రతి అక్షరానికీ ముందు మీ నిషేధాన్ని రాసుకోండి. పద్యం ముందే రాసి ఉన్నది కాబట్టి మీ నిషేధం దాన్ని మార్చదు, కానీ వచ్చిన అక్షరమూ మీరు రాసినదీ ఎన్నిసార్లు ఒకటయ్యాయో లెక్క తెలుస్తుంది. నాకు మొదట్లో పాదానికి ఒకటి కుదరడం కూడా గగనంగా ఉండేది. గణాలు లెక్కపెట్టుకుంటూ ఊహించడం మొదలుపెట్టిన తర్వాత మూడు నాలుగు కుదిరేవి. తప్పిన వాటిని కూడా చూడండి. మీరు ఊహించిన మాట ఆ గణంలో పట్టేదేనా, లేక నా 'కల్పవల్లి' లాంటిదా అని. అలాగే మీరు ఇవ్వబోయే విషయం మీద మీరే నాలుగైదు ఎత్తుగడలు రాసి పెట్టుకోండి. విషయం దేవతాస్తుతి అయితే మొదటి నిషేధం 'శ'.